పార్సీ భర్త వీలునామా లేకుండా చనిపోతే భార్య, పిల్లలు, తల్లిదండ్రుల వాటాలు తేల్చడం ఎలా?

సికింద్రాబాద్, అబిడ్స్ ప్రాంతాల పార్సీ కుటుంబాల నుంచి, వాళ్ల దగ్గర పనిచేసే అకౌంటెంట్ల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది. మన చుట్టుపక్కల ఎక్కువమందికి తెలిసింది హిందూ వారసత్వ చట్టమే కాబట్టి, సలహా ఇచ్చేవాళ్లు కూడా ఆ లెక్కే చెప్పేస్తుంటారు. పార్సీలకు అది వర్తించదు. వాళ్లకు 1925 నాటి భారత వారసత్వ చట్టంలో విడిగా ఒక అధ్యాయం ఉంది. అందులో 50 నుంచి 56 వరకు సెక్షన్లు. మన పనికి ముఖ్యమైనవి 50, 51, 53.

లెక్క చిన్నదే. ఐదో తరగతి పిల్లవాడు కూడా చేయగలడు. తప్పులన్నీ లెక్కకు ముందు చూసుకోవాల్సిన విషయాల్లోనే జరుగుతాయి. అందుకే కింది వరుస మార్చకండి.

## 1. ముందు పెళ్లి కాగితం చూడండి

అన్నిటికంటే ముందు తేల్చాల్సింది, చనిపోయిన వ్యక్తి పెళ్లి ఏ చట్టం కింద జరిగింది అన్నది. ఆస్తి ఎంత, పిల్లలెందరు అన్నవి ఆ తర్వాత.

ఆశీర్వాద్ వేడుకతో, ఇద్దరు పార్సీ సాక్షుల ఎదుట పూజారి జరిపించి, 1936 పార్సీ వివాహ, విడాకుల చట్టం కింద నమోదైన పెళ్లి అయితే పార్సీ అధ్యాయమే వర్తిస్తుంది.

స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్లి జరిగితే కథ మారిపోతుంది. ఆ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం, అలా పెళ్లి చేసుకున్నవారి ఆస్తికి భారత వారసత్వ చట్టమే వర్తిస్తుంది కానీ, అందులో పార్సీల అధ్యాయం లేనట్టే చూడాలి. భార్య హిందువో క్రైస్తవురాలో అయినప్పుడే ఇలా అని చాలామంది అనుకుంటారు. భార్యాభర్తలిద్దరూ పార్సీలే అయినా, పెళ్లి ఆ చట్టం కింద జరిగితే ఇదే నియమం.

ఇంకో మెలిక ఎవరూ చూడరు. అదే సెక్షన్ ఆ పెళ్లివల్ల పుట్టిన సంతానం ఆస్తికీ వర్తిస్తుంది. అంటే చనిపోయినాయన తల్లిదండ్రులు స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్లి చేసుకుని ఉంటే, ఆయన పెళ్లి ఆశీర్వాద్‌తో జరిగినా సరే, పార్సీ అధ్యాయం పక్కకు పోతుంది.

తేడా ఎంత ఉంటుందో చూడండి. పార్సీ అధ్యాయంలో తల్లిదండ్రులకు వాటా ఉంది. అది పక్కకు పోతే వర్తించే సాధారణ అధ్యాయంలో భార్యకు మూడో వంతు, పిల్లలకు మిగిలిన రెండు వంతులు. పిల్లలు ఉంటే తల్లిదండ్రులకు పైసా రాదు. కాబట్టి రెండు తరాల పెళ్లి సర్టిఫికెట్లూ చేతికి వచ్చేదాకా కాలిక్యులేటర్ తీయకండి.

## 2. చనిపోయిన తేదీ, వీలునామా సంగతి

మరణం 1991 డిసెంబర్ 9న గానీ ఆ తర్వాత గానీ అయితే ఇప్పటి నియమాలు. అంతకుముందుదైతే పాత నియమాలు. ఇప్పుడెవరికి అవసరం అనిపించవచ్చు కానీ, తాతగారి పేరు మీదే ఉండిపోయిన ఇళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. పాత లెక్కలో భార్యకు, ప్రతి కొడుక్కు కూతురి వాటాకు రెట్టింపు వచ్చేది. తండ్రికి కొడుకు వాటాలో సగం, తల్లికి కూతురి వాటాలో సగం. 1991 సవరణ ఆడ, మగ తేడా తీసేసింది.

వీలునామా గురించి రెండు మాటలు. ఒకటి, వీలునామా కొన్ని ఆస్తులకే రాసి ఉంటే, రాయని ఆస్తులకు ఈ లెక్క వర్తిస్తుంది. రెండు, పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దయిపోతుంది. ఇది భారత వారసత్వ చట్టం 69వ సెక్షన్. బ్రహ్మచారిగా ఉన్నప్పుడు తల్లి పేర రాసిన వీలునామా బీరువాలో దొరికిందని సంబరపడ్డ కుటుంబాలకు ఈ సంగతి తెలిసేసరికి తగాదా ముదిరిపోయి ఉంటుంది. దొరికిన వీలునామా మీద తేదీ, పెళ్లి తేదీ పక్కపక్కన పెట్టి చూడండి.

## 3. ఎవరెవరు లెక్కలోకి వస్తారు

కాగితం మీద వంశవృక్షం గీయండి. పేర్ల పక్కన పుట్టిన తేదీ, చనిపోయినవారైతే మరణ తేదీ రాయండి. తర్వాత ఒక్కొక్కరినీ ఇలా సరిచూసుకోండి.

- భార్య: ఆయన చనిపోయిన రోజుకు చట్టప్రకారం భార్యగా ఉన్నావిడ. విడాకులు మంజూరైపోతే వాటా లేదు. విడిగా ఉంటున్నా విడాకులు కాకపోతే ఉంది. భర్త పోయాక ఆమె మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన అప్పటికే వచ్చిన వాటా పోదు.
- పిల్లలు: కొడుకులు, కూతుళ్లు సమానమే. పెళ్లయిన కూతురైనా అంతే.
- కడుపులో ఉన్న బిడ్డ: తండ్రి పోయేనాటికి గర్భంలో ఉండి, తర్వాత ప్రాణంతో పుడితే మిగతా పిల్లలతో సమానం. భార్య గర్భవతి అయితే కాన్పు అయ్యేదాకా పంపకం ఆపండి.
- దత్తత బిడ్డ: జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తత ఉత్తర్వు ఉంటే సొంత బిడ్డతో సమానం. ఇంట్లో పెంచుకున్నంత మాత్రాన సరిపోదు. భార్య మొదటి పెళ్లి సంతానానికీ ఇందులో వాటా రాదు.
- తల్లి, తండ్రి: ఇద్దరిలో ఎవరు బతికి ఉంటే వాళ్లు. అత్తమామలు కారు.

తండ్రికంటే ముందే చనిపోయిన బిడ్డ ఉంటే కాస్త ఆగి చూడాలి. ఆ బిడ్డకు భార్యగానీ భర్తగానీ, సంతానంగానీ, సంతానం తాలూకు భార్యాభర్తలుగానీ ఎవరూ లేకపోతే ఆ పేరు కొట్టేయండి. ఉంటే 53వ సెక్షన్ చూడాలి. పోయినది కొడుకైతే అతని వాటా భార్యాపిల్లలకు వెళ్తుంది. పిల్లలు లేకుండా భార్య మాత్రమే ఉంటే ఆ వాటాలో సగం ఆమెకు వెళ్లి, మిగతా సగం తిరిగి పెద్దాయన ఆస్తిలో కలుస్తుంది. పోయినది కూతురైతే ఆమె వాటా ఆమె పిల్లలకే సమానంగా వెళ్తుంది, అల్లుడికి రాదు. 1991 సవరణ తర్వాత కూడా కోడలికి ఒక నియమం, అల్లుడికి ఒక నియమం అలాగే మిగిలిపోయాయి. ఎందుకు వదిలేశారో నాకైతే అర్థం కాదు, కానీ చట్టం అదే.

## 4. పంచాల్సిన ఆస్తి ఎంతో తేల్చండి

వాటా వచ్చేది ఆస్తి మొత్తంలో కాదు. ఖర్చులు, అప్పులు పోగా మిగిలినదాంట్లో.

మొదట ఆయనకు నిజంగా చెందినవి రాయండి. పార్సీల్లో హిందూ ఉమ్మడి కుటుంబంలాంటి పుట్టుకతో వచ్చే హక్కు లేదు. తాత నుంచి తండ్రికి వచ్చిన ఇల్లు కూడా తండ్రి సొంత ఆస్తే. కాబట్టి "ఇది పిత్రార్జితం, ఇందులో నాకు ముందే వాటా ఉంది" అనే మాట ఇక్కడ చెల్లదు.

భార్యతో కలిపి కొన్న ఫ్లాటులో భార్య సగం ఆమెదే, దాన్ని లెక్కలో కలపకండి. అంజుమన్ ట్రస్టుకో మరో పార్సీ ట్రస్టుకో చెందిన ఇంట్లో ఉంటూ ఉంటే ఆ ఇల్లు ఆయనది కాదు. అందులో ఎవరు కొనసాగాలన్నది ట్రస్టు ఒప్పందం, నియమాల ప్రకారం తేలుతుంది.

తర్వాత తీసివేతలు. చట్టంలో వీటికీ వరుస ఉంది. ముందు అంత్యక్రియల ఖర్చు, చివరి జబ్బు వైద్యానికి అయిన న్యాయమైన ఖర్చు. ఆ తర్వాత కోర్టు కాగితాల ఖర్చు. ఆపైన చివరి మూడు నెలల్లో పనివాళ్లకు బాకీపడ్డ జీతాలు. చివరగా మిగతా అప్పులు. పంపకం అయ్యాక బయటపడిన అప్పు అందరి మెడకూ చుట్టుకుంటుంది కాబట్టి బ్యాంకు, క్రెడిట్ కార్డు, చేబదులు అన్నీ ముందే అడిగి రాసుకోండి.

## 5. ఇప్పుడు లెక్క: రెండు, రెండు, ఒకటి

51వ సెక్షన్ చెప్పేది ఇంతే: భార్యకు, ప్రతి బిడ్డకు సమాన వాటా. తల్లికి, తండ్రికి ఒక్కొక్కరికి బిడ్డ వాటాలో సగం.

దీన్ని పాళ్లుగా మార్చుకుంటే సులువు.

- భార్యకు 2 పాళ్లు
- ప్రతి బిడ్డకు 2 పాళ్లు
- తల్లికి 1 పాలు, తండ్రికి 1 పాలు

పాళ్లన్నీ కూడండి. నికర ఆస్తిని ఆ మొత్తంతో భాగిస్తే ఒక పాలు విలువ వస్తుంది. భార్య పోయి భర్త మిగిలితే కూడా ఇదే లెక్క, భార్య స్థానంలో భర్త ఉంటాడు.

ఇక్కడ జరిగే తప్పు ఒకటే. ముందు ఆస్తిని భార్యాపిల్లల మధ్య పంచేసి, ఆ తర్వాత పిల్లల వాటాల్లోంచి తల్లిదండ్రులకు సగం తీస్తారు. అలా చేస్తే పిల్లలు నష్టపోతారు, భార్య వాటా మాత్రం తగ్గదు. తల్లిదండ్రుల పాళ్లు మొదటినుంచీ కూడికలో ఉండాలి. సరిచూసుకోవడానికి, భార్య వాటా, బిడ్డ వాటా రూపాయితో సహా సమానంగా రావాలి. రాలేదంటే ఎక్కడో తప్పు పోయినట్టే.

## 6. ఒక కుటుంబం లెక్క మొదటినుంచి చివరిదాకా

ఊహించి రాస్తున్న ఉదాహరణ. సికింద్రాబాద్‌లో ఉండే ఒకాయన వీలునామా లేకుండా చనిపోయారు. ఆశీర్వాద్ పెళ్లి. ఆయన తల్లిదండ్రులదీ ఆశీర్వాద్ పెళ్లే. భార్య, ఒక కూతురు, ఒక కొడుకు ఉన్నారు, పిల్లలిద్దరూ మేజర్లు. తల్లి, తండ్రి ఇద్దరూ బతికే ఉన్నారు.

ఆస్తులు ఇవి:

- భార్యతో కలిపి సగం సగం కొన్న కోటి రూపాయల ఫ్లాటులో ఆయన సగం: 50 లక్షలు
- ఫిక్స్‌డ్ డిపాజిట్లు: 38 లక్షలు
- షేర్లు, మ్యూచువల్ ఫండ్లు: 17 లక్షలు
- కారు: 3 లక్షలు

మొత్తం 108 లక్షలు. తీసివేతల్లో ఆసుపత్రి, అంత్యక్రియల ఖర్చు 3 లక్షలు, కోర్టు ఖర్చులు 1 లక్ష, ఇంటి రుణంలో ఆయన వంతు 8 లక్షలు. కలిపి 12 లక్షలు. పంచాల్సింది 96 లక్షలు.

పాళ్లు: భార్య 2, కూతురు 2, కొడుకు 2, తల్లి 1, తండ్రి 1. మొత్తం 8. ఒక పాలు 12 లక్షలు.

- భార్యకు 24 లక్షలు
- కూతురికి 24 లక్షలు
- కొడుక్కి 24 లక్షలు
- తల్లికి 12 లక్షలు
- తండ్రికి 12 లక్షలు

తల్లి ముందే పోయి ఉంటే పాళ్లు 7 అవుతాయి. ఆమె పాలు తండ్రికి చేరదు, అందరికీ సర్దుకుంటుంది. ఇదే కుటుంబంలో పెళ్లి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద జరిగి ఉంటే భార్యకు 32, పిల్లలకు తలా 32 లక్షలు, ముసలి తల్లిదండ్రులకు సున్నా. పెళ్లి కాగితం ముందు చూడమన్నది ఇందుకే.

లెక్క తేలాక అసలు టెన్షన్ మొదలవుతుంది. ఫ్లాటును ముక్కలు చేయలేం కదా! ఫ్లాటులో ఆయన సగం విలువలో రుణం తీసేస్తే 42 లక్షలు. ఖర్చులు పోగా చేతిలో మిగిలే నగదు, షేర్లు, కారు కలిపి 54 లక్షలు. ఒక దారి ఇలా ఉంటుంది. ముసలివాళ్లిద్దరికీ తలా 12 లక్షలు నగదుగా ఇచ్చేయండి. పిల్లలకు తలా 15 లక్షలు నగదు, షేర్లు, కారు రూపంలో ఇవ్వండి. వాళ్లకు రావాల్సిన మిగతా 9 లక్షల చొప్పున ఫ్లాటులోనే ఉంచండి. భార్య 24 లక్షలూ ఫ్లాటులోనే ఉంటాయి. రుణం తీర్చే బాధ్యత ఫ్లాటులో ఎవరికెంత ఉందో ఆ దామాషాలో. ఇలా చేస్తే భార్యను ఇల్లు అమ్మమని ఎవరూ అడగరు, పెద్దవాళ్లూ ఖాళీ చేతులతో మిగలరు.

## 7. నామినీ, జాయింట్ ఖాతా

పై ఉదాహరణలో 38 లక్షల డిపాజిట్లలో 20 లక్షలవి భార్యతో కలిపి "ఎవరైనా ఒకరు లేదా బతికున్నవారు" అనే పద్ధతిలో ఉన్నాయనుకోండి. డబ్బంతా ఆయన జీతంలోంచి వేసిందే. బ్యాంకు ఆ 20 లక్షలు భార్యకు ఇస్తుంది, బ్యాంకు తప్పేం లేదు. కానీ డబ్బు ఎవరిదన్న ప్రశ్న అక్కడితో తీరదు. ఆయన డబ్బే అయితే వారసులందరి లెక్కలోకి రావాలి. మేం 38 లక్షలూ ఆస్తిలో కలిపింది అందుకే.

నామినీ విషయమూ అంతే. నామినీ డబ్బు అందుకునే మనిషి, అంతమాత్రాన యజమాని కాడు. కంపెనీ షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబర్‌లో శక్తి యెజ్దానీ కేసులో ఇదే చెప్పింది. జీవిత బీమాను మాత్రం విడిగా పెట్టండి. 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య, పిల్లలు నామినీలైతే వాళ్లకు మరింత బలమైన హక్కు ఇచ్చే మాటలు బీమా చట్టంలో చేరాయి. వాటి అర్థంపై కోర్టుల్లో వాదనలు నడుస్తూనే ఉన్నాయి. పాలసీ పెద్ద మొత్తమైతే ఆ ఒక్క దానికి లాయరు సలహా తీసుకోవడం మేలు.

## 8. కాగితాల పని ఏ వరుసలో

వీలునామా లేని పార్సీ ఆస్తిలో హక్కు చెప్పుకోవడానికి కోర్టు నుంచి లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఆస్తి వ్యవహారాలు చూసుకునే అధికార పత్రం, తప్పనిసరి కాదు. భారత వారసత్వ చట్టం 212వ సెక్షన్ పార్సీలను మినహాయించింది. బ్యాంకు డబ్బు, షేర్ల వంటివాటికి మాత్రం సక్సెషన్ సర్టిఫికెట్ అడుగుతారు. ఇంటికీ స్థలానికీ అది పనికిరాదు. ఈ తేడా తెలియక ఫ్లాటును కూడా పిటిషన్‌లో చేర్చి తిప్పలు పడుతుంటారు.

- మరణ ధ్రువపత్రం కాపీలు ఎక్కువ తీసుకోండి. ప్రతి బ్యాంకూ ఒకటి అడుగుతుంది.
- మీసేవలో దరఖాస్తు చేసి తహసీల్దారు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి. అది ఎవరెవరు కుటుంబమో చెబుతుంది, ఎవరికెంత వాటానో చెప్పదు. ముసలి తల్లిదండ్రుల పేర్లు అందులో పడ్డాయో లేదో చూడండి. ఎక్కువగా ఎగిరిపోయేవి వాళ్ల పేర్లే.
- సక్సెషన్ సర్టిఫికెట్ కోసం, ఆయన చివరగా నివసించిన ప్రాంతపు కోర్టులో పిటిషన్ వేయండి. మరణ సమయం, నివాసం, దగ్గరి బంధువులందరి వివరాలు, రావాల్సిన బాకీలు, షేర్ల జాబితా అందులో ఉండాలి. ఒక్క వారసుణ్ని దాచినా తర్వాత సర్టిఫికెట్ రద్దు చేయించవచ్చు.
- ఫ్లాటుకు ఈసీ తీసి, అందరూ కలిసి పంపకాల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించండి. ఆ తర్వాత మున్సిపల్ రికార్డుల్లో పేరు మార్పించండి. పేరు మారినంత మాత్రాన హక్కు పుట్టదు, కాబట్టి ఈ వరుస తిరగేయకండి.

తల్లో తండ్రో "నాకెందుకు నాయనా, మనవలకే ఉండనీ" అంటే నోటిమాటగా వదిలేయకండి. ఫ్లాటులో వాటా వదులుకోవాలంటే హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించాలి. మైనరు బిడ్డ వాటాను మాత్రం తల్లి సంతకంతో వదిలేయడం కుదరదు, కోర్టు అనుమతి కావాలి.

## 9. పంపకం లోపు తండ్రి కూడా చనిపోతే

వృద్ధ తల్లిదండ్రులున్న ఇంట్లో ఇది అరుదేం కాదు. మన ఉదాహరణలోని తండ్రి కొడుకు పోయిన మూడు నెలలకు, కాగితాలు కాకముందే, వీలునామా లేకుండా పోయారనుకోండి. ఆయన 12 లక్షలు తిరిగి కొడుకు ఆస్తిలో కలుస్తాయని చాలామంది అనుకుంటారు. కలవవు. కొడుకు పోయిన క్షణంలోనే ఆ హక్కు తండ్రిది అయిపోయింది. ఇప్పుడది తండ్రి ఆస్తి, దాన్ని తండ్రి వారసులకు పంచాలి.

ఆ తండ్రికి భార్య ఉంది, ముందే పోయిన కొడుకు కుటుంబం ఉంది, ముంబయిలో ఒక కూతురు ఉంది. ఆయన తల్లిదండ్రులు ఏనాడో పోయారు. మూడు సమాన వాటాలు: భార్యకు 4 లక్షలు, కూతురికి 4 లక్షలు, పోయిన కొడుకు తరఫున కోడలూ మనవలూ ఉన్న శాఖకు 4 లక్షలు. ఇంతవరకూ ఈ వ్యవహారంలో లేని ఆడపడుచు అలా వచ్చి చేరింది, ఆమె సంతకం లేకుండా ఇక ఏ దస్తావేజూ పూర్తి కాదు. కోడలు ఈ మధ్యలో మళ్లీ పెళ్లి చేసుకుని ఉంటే, మామగారి ఆస్తిలో ఆమెను లేనట్టే చూస్తారు. 50వ సెక్షన్‌లో ఆ మాట ఉంది. భర్త నుంచి వచ్చిన 24 లక్షలు మాత్రం ఆమెవే.

అందుకే రెండు మరణాలకు రెండు వేర్వేరు కాగితాలు పెట్టుకోండి. మొదటి మరణం లెక్క పూర్తిగా ముగించి, అందులో వచ్చిన అంకెను మాత్రమే రెండోదానిలోకి తీసుకెళ్లండి.